ఒకేలా కనిపించే పదాలను నిర్వచనంతో విడదీయడం ఎలా: బ్యాంకు పరీక్షల్లో బీమా, పన్ను, పొదుపు ప్రశ్నలు

ముందు ఒక ప్రశ్న చూడండి. "పాలసీదారుకు నష్టపరిహారం చెల్లించిన తర్వాత, ఆ నష్టానికి కారణమైన మూడో వ్యక్తి నుంచి సొమ్ము రాబట్టుకునేందుకు బీమా కంపెనీకి దక్కే హక్కు ఏది?" ఆప్షన్లు: ఇండెమ్నిటీ, సబ్రొగేషన్, కాంట్రిబ్యూషన్, అసైన్‌మెంట్, రీఇన్సూరెన్స్. ఐదూ పుస్తకంలో చదివినవే, ఐదూ తెలిసినట్టే ఉంటాయి. పరీక్ష హాల్లో మాత్రం రెండింటి మధ్య ఊగిసలాట మొదలవుతుంది. నిర్వచనాలను పేరాలుగా చదివి, పక్కపక్కన పెట్టి చూడకపోవడమే అందుకు కారణం.

విడదీసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఏ పదం ఎదురైనా దాని నిర్వచనాన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. హక్కు లేదా బాధ్యత ఎవరిది? అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది? దేని మీద లెక్కిస్తారు? ఏ సంఘటన జరిగితే వర్తిస్తుంది? జంట పదాలు చాలావరకు ఈ నాలుగింట్లో మూడు చోట్ల కలిసే ఉంటాయి, ఒక్కచోటే విడిపోతాయి. ప్రశ్న తయారుచేసేవాళ్లు పట్టుకునేదీ సరిగ్గా ఆ ఒక్క చోటునే. కాబట్టి నోట్సులో నిర్వచనం మొత్తం ఎత్తి రాసుకోవద్దు. రెండు పదాలూ ఎక్కడ విడిపోతున్నాయో ఆ ముక్క రాసుకుంటే చాలు.

మొదటి మెట్టు: కాలాన్ని బట్టి విడిపోయే బీమా పదాలు

జీవిత బీమాలో ఎక్కువమంది తడబడే గుంపు ఇది: ఫ్రీ లుక్, గ్రేస్ పీరియడ్, ల్యాప్స్, రివైవల్, పెయిడప్, సరెండర్. వీటిని విడివిడిగా బట్టీ పట్టకుండా ఒకే పాలసీ జీవితకాలం మీద వరుసగా పెట్టి చూడండి.

ఒక సంప్రదాయ పాలసీ తీసుకుందాం. బీమా మొత్తం 4,00,000 రూపాయలు. కాలం 20 ఏళ్లు, 20 ఏళ్లూ ప్రీమియం కట్టాలి. ఏటా 22,000 రూపాయలు, గడువు ఏప్రిల్ 1. పాలసీ 2020 ఏప్రిల్ 1న మొదలైంది. 2020 నుంచి 2024 దాకా అయిదు ప్రీమియంలు కట్టారు. 2025 ఏప్రిల్ 1న కట్టాల్సిన ఆరోది కట్టలేదు. లెక్క తేలికగా ఉండేందుకు బోనస్‌ను పక్కన పెడదాం.

ఫ్రీ లుక్ ఈ కథలో అన్నిటికన్నా ముందు వస్తుంది. పాలసీ పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా షరతులు నచ్చకపోతే పాలసీని వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ కొద్ది రోజుల రిస్కు ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించుకుని మిగతా సొమ్ము తిరిగి ఇస్తారు. పాత పుస్తకాల్లో 15 రోజులని ఉంటుంది. ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనలతో అది 30 అయింది. ఈ గడువు పత్రం అందిన తేదీ నుంచి లెక్కకు వస్తుంది. "పాలసీ జారీ చేసిన తేదీ నుంచి" అని ఆప్షన్‌లో కనిపిస్తే అది తప్పు.

గ్రేస్ పీరియడ్ ప్రతి ప్రీమియం గడువు తర్వాతా వస్తుంది. నెలవారీ ప్రీమియం అయితే 15 రోజులు, మూడు నెలలకో ఆరు నెలలకో ఏడాదికో కట్టేదైతే 30 రోజులు. ఈ రోజుల్లో రక్షణ కొనసాగుతుంది. మన ఉదాహరణలో పాలసీదారు 2025 ఏప్రిల్ 20న మరణిస్తే నామినీకి 4,00,000లో కట్టని ప్రీమియం 22,000 పోను 3,78,000 వస్తుంది. ఫ్రీ లుక్‌కూ దీనికీ సంఖ్య 30 అని కలవడం వల్లే గందరగోళం. ఫ్రీ లుక్ పాలసీని వదిలించుకునే హక్కు, గ్రేస్ పాలసీని నిలుపుకునే గడువు.

గ్రేస్ కూడా దాటిపోయిందనుకోండి. ఇక్కడ ల్యాప్స్, పెయిడప్ దారులు వేరవుతాయి. పాలసీకి ఇంకా సరెండర్ విలువ ఏర్పడక ముందే ప్రీమియం ఆగితే అది ల్యాప్స్, రక్షణ పోతుంది. విలువ ఏర్పడిన తర్వాత ఆగితే పాలసీ బతికే ఉంటుంది గానీ బీమా మొత్తం తగ్గిపోతుంది. ఆ తగ్గిన మొత్తమే పెయిడప్ వాల్యూ. సూత్రం ఇది:

పెయిడప్ వాల్యూ = బీమా మొత్తం × కట్టిన ప్రీమియంల సంఖ్య ÷ కట్టాల్సిన ప్రీమియంల సంఖ్య

మన పాలసీలో 4,00,000 × 5 ÷ 20 = 1,00,000. అదే వ్యక్తి ఏప్రిల్ 20న కాక జూన్‌లో మరణిస్తే వచ్చేది ఈ లక్షే. మరణించకపోతే ఈ లక్ష 2040లో మెచ్యూరిటీకి అందుతుంది. ఇప్పుడే డబ్బు చేతికి రాదు.

ఇప్పుడే డబ్బు కావాలంటే ఒప్పందాన్ని తెంచుకోవాలి. అప్పుడు వచ్చేది సరెండర్ వాల్యూ. గ్యారంటీడ్ సరెండర్ వాల్యూను కట్టిన మొత్తం ప్రీమియంలో ఒక శాతంగా లెక్కిస్తారు, ఆ శాతం ప్రశ్నలోనే ఇస్తారు. 50 శాతం అనుకుంటే 1,10,000లో సగం, అంటే 55,000. దీంతో పాటు స్పెషల్ సరెండర్ వాల్యూ అని ఇంకొకటి ఉంటుంది. రెండింట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తారు. కొత్త నిబంధనల ప్రకారం ఒక పూర్తి ఏడాది ప్రీమియం కట్టి మొదటి పాలసీ సంవత్సరం ముగిస్తే చాలు, ఈ స్పెషల్ విలువ వర్తిస్తుంది. "మూడేళ్లు కడితేనే సరెండర్" అనే పాత వాక్యం ఇప్పటికీ చాలా మెటీరియల్స్‌లో తిరుగుతోంది, దాన్ని కొట్టేయండి.

లెక్కల్లో జరిగే అసలు పొరపాటు ఇక్కడే. పెయిడప్‌ను బీమా మొత్తం మీద లెక్కిస్తారు, గ్యారంటీడ్ సరెండర్‌ను కట్టిన ప్రీమియం మీద లెక్కిస్తారు. ప్రశ్నలో రెండు అంకెలూ ఇచ్చి ఒకదాన్నే అడుగుతారు. ఏ అంకెను వదిలేయాలో తెలిస్తే సగం పని అయినట్టే. ఇక రివైవల్ అంటే ఆగిన పాలసీని బకాయిలు, వడ్డీ కట్టి మళ్లీ పూర్తి స్థితికి తెచ్చుకోవడం. యులిప్ కాని పాలసీలకు మొదటి కట్టని ప్రీమియం తేదీ నుంచి అయిదేళ్ల దాకా, యులిప్‌లకు మూడేళ్ల దాకా అవకాశం ఉంటుంది.

రెండో మెట్టు: హక్కు ఎవరిదో తేల్చే పదాలు

మొదట్లో చూసిన ప్రశ్నకు వద్దాం. అందులోని ఆప్షన్లను "ఎవరి నుంచి ఎవరికి" అనే ఒక్క ప్రశ్నతో విడదీయవచ్చు.

ఇండెమ్నిటీ అంటే జరిగిన నష్టం మేరకే చెల్లించడం. బీమా వల్ల ఎవరూ లాభపడకూడదన్నది దాని సారం. సబ్రొగేషన్, కాంట్రిబ్యూషన్ రెండూ దాన్నుంచి పుట్టినవే. లారీ గుద్దిన కారుకు 80,000 నష్టం వస్తే బీమా కంపెనీ కారు యజమానికి చెల్లిస్తుంది. ఆ తర్వాత లారీ యజమానిపై వసూలు హక్కు కారు యజమాని నుంచి కంపెనీకి మారుతుంది. ఇది సబ్రొగేషన్. లేకపోతే యజమాని ఇద్దరి దగ్గరా పుచ్చుకుని లాభపడతాడు.

కాంట్రిబ్యూషన్‌లో మూడో వ్యక్తి ఉండడు, ఇద్దరూ బీమా కంపెనీలే. గుంటూరులో ఒక మిర్చి గోదాముకు ఒక కంపెనీ దగ్గర 6 లక్షలకు, ఇంకో కంపెనీ దగ్గర 4 లక్షలకు అగ్నిప్రమాద పాలసీలు ఉన్నాయనుకోండి. 2 లక్షల సరుకు కాలింది. యజమానికి మొత్తం వచ్చేది 2 లక్షలే. మొదటి కంపెనీ 1,20,000, రెండోది 80,000 పంచుకుంటాయి. ఇలా ఒకే ఆస్తికి రెండు పాలసీలు ఉండటం డబుల్ ఇన్సూరెన్స్. అందులో రెండు పాలసీలూ తీసుకున్నది యజమానే. రీఇన్సూరెన్స్‌లో పాలసీ తీసుకునేది బీమా కంపెనీ. తన మీద పడిన రిస్కులో కొంత జీఐసీ రీ లాంటి మరో సంస్థకు బదలాయిస్తుంది, గోదాము యజమానికి ఆ సంస్థతో సంబంధమే ఉండదు. కోఇన్సూరెన్స్ అని ఇంకొకటి ఉంది. పెద్ద రిస్కును కొన్ని కంపెనీలు మొదటి నుంచే వాటాలు వేసుకుని పంచుకోవడం.

జీవిత బీమాకు, వ్యక్తిగత ప్రమాద బీమాకు ఇండెమ్నిటీ వర్తించదు. మనిషి ప్రాణానికి "నష్టం మేరకు" అని లెక్కగట్టలేరు కదా. ఇండెమ్నిటీ లేదు కాబట్టి దాని పిల్లలైన సబ్రొగేషన్, కాంట్రిబ్యూషన్ కూడా అక్కడ ఉండవు. మూడు జీవిత బీమా పాలసీలుంటే మూడూ పూర్తిగా చెల్లిస్తాయి. ఈ ఒక్క గొలుసు అర్థమైతే "కింది వాటిలో ఏది జీవిత బీమాకు వర్తించదు" అనే ప్రశ్నను ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా దొరుకుతుంది.

ఇన్సూరబుల్ ఇంటరెస్ట్‌ను మాత్రం కాలంతో విడదీయాలి. జీవిత బీమాలో పాలసీ తీసుకునేటప్పుడు ఉంటే చాలు. అగ్ని బీమాలో తీసుకునేటప్పుడూ, నష్టం జరిగేటప్పుడూ ఉండాలి. మెరైన్‌లో నష్టం జరిగేనాటికి ఉంటే చాలు. సముద్రంలో ఉండగానే సరుకు చేతులు మారుతుంది కాబట్టి మెరైన్‌కు ఆ వెసులుబాటు ఇచ్చారు.

నామినేషన్, అసైన్‌మెంట్ కూడా ఈ కోవలోవే. నామినేషన్‌లో పాలసీ యాజమాన్యం పాలసీదారు దగ్గరే ఉంటుంది. ఎన్నిసార్లయినా నామినీని మార్చుకోవచ్చు. నామినీకి హక్కు వచ్చేది మరణం తర్వాతే. అసైన్‌మెంట్‌లో యాజమాన్యమే బదిలీ అవుతుంది. గృహరుణం కోసం పాలసీని బ్యాంకుకు రాసిచ్చేది ఇదే. బీమా చట్టంలో అసైన్‌మెంట్ 38వ సెక్షన్, నామినేషన్ 39వ సెక్షన్. అసైన్ చేస్తే అప్పటిదాకా ఉన్న నామినేషన్ సాధారణంగా రద్దవుతుంది. అదే బీమా కంపెనీ దగ్గర అప్పు తీసుకుంటూ ఆ కంపెనీకే అసైన్ చేస్తే రద్దు కాదు. ఈ మినహాయింపు మీదే ప్రశ్న రావచ్చు.

మూడో మెట్టు: సంఘటనతో విడిపోయే జంట

ప్రధానమంత్రి పేరుతో 2015 మే 9న మొదలైన రెండు బీమా పథకాలను అభ్యర్థులు ఎప్పుడూ కలిపేస్తుంటారు. రెండింటికీ పొదుపు ఖాతా ఉండాలి, రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకే, రెండింట్లో మరణానికి 2 లక్షలు. విడిపోయేది సంఘటన దగ్గర. జీవన జ్యోతి ఏ కారణంతో మరణించినా చెల్లిస్తుంది. సురక్షా బీమా ప్రమాదానికే, అందులో పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష కూడా ఉంది. ప్రమాదం కన్నా ఏ కారణంతోనైనా మరణించే అవకాశం ఎక్కువ కాబట్టి జీవన జ్యోతి ప్రీమియం 436 రూపాయలు, చేరే వయసు 18 నుంచి 50. సురక్షాకు 20 రూపాయలే, వయసు 18 నుంచి 70. కారణంతో ముడిపెట్టి చదివితే ఏ అంకె ఎటు పోతుందో బట్టీ పట్టాల్సిన పని లేదు.

నాలుగో మెట్టు: పన్ను పదాలకు లెక్కలో స్థానం

పన్నులో ఎగ్జెంప్షన్, డిడక్షన్, రిబేట్, మార్జినల్ రిలీఫ్, సర్‌చార్జి, సెస్ అన్నీ ఒకే లెక్క కాగితం మీద వేర్వేరు వరసల్లో వస్తాయి. ఏది ఏ వరసలో వస్తుందో అదే దాని నిర్వచనం.

ఎగ్జెంప్షన్ అయిన ఆదాయం అసలు మొత్తంలో చేరదు. వ్యవసాయ ఆదాయం అలాంటిది. డిడక్షన్ అంటే మొత్తం ఆదాయంలో చేరిన తర్వాత అందులోంచి తీసివేసేది. జీతానికి స్టాండర్డ్ డిడక్షన్, పాత విధానంలో 80సీ కింద లక్షన్నర దాకా తీసివేయడం ఇందులోకి వస్తాయి. రిబేట్‌లో ఆదాయాన్ని తాకరు. పన్ను లెక్కించేశాక, వచ్చిన పన్నులోంచి తగ్గిస్తారు.

2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానంతో లెక్క వేద్దాం. 4 లక్షల దాకా పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం, ఆపై 4 లక్షలకు 10 శాతం, ఆపై 4 లక్షలకు 15 శాతం. జీతం 12,75,000 ఉన్న ఉద్యోగికి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే పన్ను పడే ఆదాయం 12,00,000. పన్ను 20,000 + 40,000 = 60,000. రిబేట్ పరిమితి కూడా 60,000. కట్టాల్సింది సున్నా.

అందుకే "12 లక్షల దాకా ఆదాయానికి ఎగ్జెంప్షన్" అన్న వాక్యం తప్పు. పన్ను పడని ప్రాథమిక పరిమితి 4 లక్షలే, 12 లక్షల దాకా సున్నా అయ్యేది రిబేట్ వల్ల. తేడా ఎక్కడ బయటపడుతుందంటే, జీతం ఇంకో లక్ష పెరిగి పన్ను పడే ఆదాయం 13,00,000 అయిందనుకోండి. నిజంగా 12 లక్షలకు ఎగ్జెంప్షన్ ఉంటే పై లక్షకే పన్ను పడి 15,000తో పోవాలి. కానీ రిబేట్ మొత్తంగా ఎగిరిపోయి 75,000 పడుతుంది. దానికి 4 శాతం సెస్ 3,000 కలిపి 78,000.

మరి ఆదాయం 12,10,000 ఉన్నవాళ్ల సంగతి? లెక్క ప్రకారం 61,500 పడాలి, అంటే 10,000 ఎక్కువ సంపాదించినందుకు 61,500 కట్టాలి. అన్యాయం కాబట్టి పరిమితికి మించిన ఆదాయం కన్నా పన్ను ఎక్కువ కాకుండా కోస్తారు. పన్ను 10,000కు ఆగుతుంది, సెస్ 400 కలిపి 10,400. ఇదే మార్జినల్ రిలీఫ్. రిబేట్ పరిమితిలోపు ఉన్నవాళ్లకు, మార్జినల్ రిలీఫ్ పరిమితిని కొద్దిగా దాటినవాళ్లకు.

సర్‌చార్జి, సెస్ రెండూ పన్ను మీద పన్నే. సర్‌చార్జి ఆదాయం 50 లక్షలు దాటినవాళ్లకే పడుతుంది, దాన్ని కేంద్రం ఏ ఖర్చుకైనా వాడుకోవచ్చు. సెస్ పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ, పేరులో ఉన్న పనికోసం. ఆరోగ్యం, విద్య సెస్‌ను పన్ను, సర్‌చార్జి కలిపిన మొత్తం మీద వేస్తారు. వరస తారుమారైతే జవాబు మారిపోతుంది. రెండింట్లోనూ రాష్ట్రాలకు వాటా పంచాల్సిన పని లేదు, ఈ పోలిక మీదా ప్రశ్నలొస్తాయి.

టీడీఎస్, టీసీఎస్‌లను డబ్బు ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అని విడదీయండి. టీడీఎస్‌లో డబ్బు ఇచ్చేవాడు కోసుకుని ఇస్తాడు, డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు చేసేది ఇదే. టీసీఎస్‌లో డబ్బు పుచ్చుకునేవాడు ధరపై అదనంగా వసూలు చేస్తాడు. రెండూ ముందుగా కట్టించే పద్ధతులే గానీ అదనపు పన్నులు కావు, అసలు పన్ను తక్కువైతే మిగిలింది వెనక్కి వస్తుంది.

ఒక జాగ్రత్త. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది. ఆదాయం వచ్చిన ఏడాదిని ప్రీవియస్ ఇయర్ అని, దాన్ని మదింపు చేసే తర్వాతి ఏడాదిని అసెస్‌మెంట్ ఇయర్ అని 1961 చట్టం విడదీసేది. కొత్త చట్టంలో ట్యాక్స్ ఇయర్ ఒక్కటే. సెక్షన్ నంబర్లూ మారాయి. అందుకని ప్రశ్నలో 80సీ, 87ఏ లాంటి అంకెలు కనిపిస్తే అది ఏ చట్టాన్ని ఉద్దేశించి అడిగిందో ముందు చూసుకోండి.

ఐదో మెట్టు: పొదుపులో గడువులు, పరిమితులు

పొదుపు పథకాల్లో ఎదురయ్యే చిక్కల్లా డబ్బు కట్టే కాలానికీ, పథకం ముగిసే కాలానికీ తేడా చూడకపోవడమే. సుకన్య సమృద్ధిలో పదేళ్లలోపు ఆడపిల్ల పేరున ఖాతా తెరుస్తారు, 15 ఏళ్లు కడతారు. కానీ మెచ్యూరిటీ ఖాతా తెరిచిన నాటి నుంచి 21 ఏళ్లకు. "అమ్మాయికి 21 ఏళ్లు నిండగానే" అనే ఆప్షన్ వల లాంటిది. ఆరేళ్ల పాప పేరున తెరిస్తే ఖాతా ముగిసేసరికి ఆమెకు 27 ఏళ్లు. పీపీఎఫ్‌లోనూ అప్పు, పాక్షిక ఉపసంహరణ వేరువేరు. అప్పు మూడో ఆర్థిక సంవత్సరం నుంచి ఆరో సంవత్సరం దాకా, ఉపసంహరణ ఏడో సంవత్సరం నుంచి. మొదటిది తిరిగి కట్టాలి, రెండోది అక్కర్లేదు.

డిపాజిట్ ఇన్సూరెన్స్ దగ్గర "ఎవరికి" అన్న ప్రశ్న మళ్లీ పనికొస్తుంది. పరిమితి 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు, అది ఖాతాకు కాదు, ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు. ఒకాయనకు విజయవాడ శాఖలో పొదుపు ఖాతాలో 3,00,000, అదే బ్యాంకు వరంగల్ శాఖలో వడ్డీతో కలిపి 2,40,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే మొత్తం 5,40,000. అందేది 5,00,000. భార్యతో కలిసి ఉన్న జాయింట్ ఖాతా వేరే హోదా కాబట్టి దానికి విడిగా 5 లక్షలు, వేరే బ్యాంకులో సొమ్ము ఉంటే దానికీ విడిగా. ఈ బీమా ప్రీమియం కట్టేది బ్యాంకు. డిపాజిటరు దగ్గర వసూలు చేయకూడదు.

చివరగా కొత్తగా చేరిన జంట. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. సైమల్టేనియస్ నామినేషన్ అయితే నలుగురికీ శాతాలు రాస్తారు, మొత్తం కలిపి 100 కావాలి, అందరికీ ఒకేసారి హక్కు. సక్సెసివ్ అయితే వరస రాస్తారు, ముందున్న నామినీ బతికి లేకపోతేనే తర్వాతి వారికి. డిపాజిట్‌కు రెండింట్లో ఏదైనా ఎంచుకోవచ్చు. లాకరుకు సక్సెసివ్ ఒక్కటే. డబ్బును శాతాల్లో పంచినట్టు లాకరులోని నగలను పంచడం కుదరదు.